అరచేతి తెరపై వత్తులు: తెలుగు స్లైడ్లకు ఫాంటు ఎంపిక

సభకు నమస్కారం. పాఠం కోసం తయారుచేసుకున్న స్లైడ్లను ఆ సాయంత్రమే విద్యార్థుల ఫోన్లకు పంపే ఉపాధ్యాయులు ఈ సభలో చాలామంది ఉన్నారు కనుక, గోడ మీద స్పష్టంగా కనిపించిన అక్షరం ఫోనులో ఎక్కడ చెడుతుందో, దానికి తగిన ఫాంటును ఎలా ఎంచుకోవాలో చెబుతాను.

మొదట కొలత చూద్దాం. పవర్‌పాయింటులో మామూలు వెడల్పు స్లైడు 13.33 అంగుళాలు ఉంటుంది. నిలువుగా పట్టుకున్న ఫోను తెర వెడల్పు దాదాపు 68 మిల్లీమీటర్లు, అంటే స్లైడులో అయిదో వంతు. మీరు 24 పాయింట్లలో పెట్టిన వాక్యం అక్కడ అయిదు పాయింట్లకు కాస్త తక్కువగా కనిపిస్తుంది. అసలు అక్షరమే రెండు మిల్లీమీటర్లకు లోపు ఉన్నప్పుడు, దాని కింద ఒదిగే వత్తుకు ఒక మిల్లీమీటరు కూడా దక్కదు. గూగుల్ స్లైడ్సులో మామూలు స్లైడు 10 అంగుళాలే కాబట్టి, అక్కడి 24 ఫోనులో ఇంతకంటే కొంచెం పెద్దగా వస్తుంది. ఒకచోట కుదిరిన అంకెను రెండోచోట కళ్లు మూసుకుని వాడకూడదు.

ఆ చిన్న చోటులో ఏం పోతుందో ఒక జంటతో చూపిస్తాను. ‘అర్థం’, ‘అర్ధం’. మొదటిది భావం, రెండవది సగం. రెండింటిలోనూ తేడా రేఫ కింది వత్తులోనే ఉంది. ఆ వత్తులోనూ ప్రధానమైన తేడా థకారం పొట్టలోని చుక్క. చుక్క పూడిపోతే ‘అర్థ సంవత్సరం’ అని తప్పుగా టైపు చేసినా అచ్చు దిద్దేవారి కంటికి కనబడదు. నా స్లైడు ఒకదానిలో సరిగ్గా ఇదే జరిగింది, ఫోనులో రెండుసార్లు చదివి కూడా నేను పట్టుకోలేకపోయాను.

కాబట్టి ఫాంటును ఎంచేటప్పుడు అక్షరమాల చూడకండి. ‘అర్థం, అర్ధం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం’ అన్న ఆరు మాటలను ఒక స్లైడు మీద మీరు వాడబోయే సైజులోనే పెట్టి, ఫోనుకు పంపి, వేళ్లతో పెద్దది చేయకుండా చదవండి. ‘రాష్ట్రం’లో ట వత్తు, ర వత్తు ఒకదానికొకటి అంటుకున్నాయా? ‘స్వాతంత్ర్యం’లో త కింది రవత్తు, పక్కనున్న యవత్తు విడివిడిగా తెలుస్తున్నాయా? ఈ రెండు ప్రశ్నలకే చాలా ఫాంట్లు తప్పుకుంటాయి.

మిగిలేవాటిలో నేను ఎక్కువగా వాడేవి Noto Sans Telugu, Hind Guntur, Anek Telugu. మూడింటిలోనూ గీత మందం దాదాపు సమానంగా సాగుతుంది, వేర్వేరు మందాలు విడిగా గీసి ఉంటాయి. ఈ రెండో గుణం చాలా ముఖ్యం. Mandali, NTR వంటి ఒకే మందం ఉన్న ఫాంట్లలో మీరు బోల్డు నొక్కితే, అసలైన బోల్డు అక్షరం లేదు గనుక ప్రోగ్రామే ఉన్న గీతను ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు ముందుగా మింగేది థకారం చుక్కనే. ఆ ఫాంట్లు అందమైనవే, పెద్ద శీర్షికకు వాడండి, బోల్డు మాత్రం వద్దు. విండోసులోని Gautami గీత సన్నం; గోడ మీద సొగసుగా ఉండి ఫోనులో వెలిసిపోతుంది. ఇక Noto Sans Telugu UI అన్న పేరు కనబడితే దాన్ని వదిలేయండి: అది ఎత్తు తక్కువగా ఉండే మెనూల కోసం చేసిన రూపం, మన అవసరం వత్తుకు చోటు.

చోటు ఇవ్వవలసింది ఫాంటు ఒక్కటే కాదు. వరుసల మధ్య దూరాన్ని ఒకటిన్నర రెట్ల దగ్గర ఉంచండి. పాయింట్లలో బిగించి పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. ఫోనులో ఎనిమిది పాయింట్లు కనిపించాలంటే పవర్‌పాయింటులో 40 పెట్టాలి. అప్పుడు వరుసకు ఇరవై అయిదు, ముప్పై అక్షరాలకు మించి పట్టవు, వాక్యాలను కుదించక తప్పదు. ఫోనును అడ్డంగా తిప్పి చూడమని చెప్పగలిగిన తరగతికి 24 కూడా ఎనిమిదిన్నర పాయింట్లుగా కనిపిస్తుంది. కానీ పిల్లలు తిప్పరని నా అనుభవం.

చివరగా పంపే పద్ధతి. ఫైలును యథాతథంగా పంపితే, మీరు ఎంచుకున్న ఫాంటు అవతలి ఫోనులో లేనప్పుడు ఆ ఫోను తన సొంత తెలుగు ఫాంటును పెట్టుకుంటుంది, వరుసలు విరిగే చోట్లు మారిపోతాయి. స్క్రీన్‌షాటు పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, సన్నగీతల చుట్టూ మసక తెస్తుంది. పీడీఎఫ్‌గా మార్చి, డాక్యుమెంటుగా పంపండి. అందులో ఫాంటు కూడా వెంట వెళుతుంది. పంపేముందు ఆ పీడీఎఫ్‌ను మీ ఫోనులో తెరిచి, ఇందాకటి ఆరు మాటల స్లైడును మరొకసారి చదివి, తరువాత ఆ స్లైడును తీసేయండి.