పన్నెండు దాటాక ‘రేపు’ అంటే ఏ రోజు?

హోటల్ టెలిఫోన్ ఆపరేటర్లకు, రాత్రి డ్యూటీ చేసే రిసెప్షన్ మిత్రులకు నమస్కారం. ఈ రోజు వేకప్ కాల్ గురించే ఎక్కువగా మాట్లాడతాను. గదిలో ఫోనుకు సంబంధించిన మిగతా మర్యాదలు మధ్యలో వస్తే చూద్దాం.

హైదరాబాద్ నగరం నడిబొడ్డున ఒక హోటల్ అనుకోండి. గురువారం రాత్రి గడిచి 12.20 అయింది. 412 గది నుంచి ఫోను. “రేపు తెల్లవారుజామున నాలుగింటికి లేపండి. ఆరున్నరకు ముంబై విమానం.” ఆపరేటర్ “తప్పకుండా సార్” అని కంప్యూటర్‌లో రేపటి తేదీ నొక్కి 4.00 వేశాడు. కంప్యూటర్‌కు అప్పటికే శుక్రవారం వచ్చేసింది కాబట్టి, దాని లెక్కలో రేపు అంటే శనివారం. అతిథికి మాత్రం ఇంకా గురువారం రాత్రే. తెల్లవారితేనే మరునాడని మన ఇళ్లలోనూ చాలామంది లెక్క, ఆయన మాటలో తప్పేమీ లేదు. శుక్రవారం నాలుగింటికి ఆ గదిలో ఫోను మోగలేదు.

అందుకే అర్ధరాత్రి దాటాక ‘ఈరోజు’, ‘రేపు’ అనే మాటలు మన నోట రాకూడదు. వారం పేరు, ఇంకా ఎన్ని గంటలుందో చెప్పాలి: “శుక్రవారం తెల్లవారుజామున నాలుగు గంటలకు, అంటే ఇంకో మూడు గంటల నలభై నిమిషాల్లో లేపుతాం. గది నాలుగు ఒకటి రెండు. సరేనా అండీ?” గది నంబరును అంకె అంకెగా పలకండి. ‘మూడు వందల పదమూడు’, ‘మూడు వందల పదిహేడు’ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి.

సమయం విషయంలో హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. హిందీ, ఉర్దూ మాట్లాడే అతిథి ‘డేఢ్’ అంటే ఒకటిన్నర, ‘ఢాయీ’ అంటే రెండున్నర. నిద్రమత్తులో పలికిన ఆ రెండు మాటలకు గంట తేడా. తెలుగులోనూ ‘ఆరుంపావు’, ‘పావు తక్కువ ఆరు’ తారుమారైతే అరగంట పోతుంది. కాబట్టి అతిథి ఎలా చెప్పినా మీరు మాత్రం గంటలు, నిమిషాలు విడివిడిగా తిరిగి చెప్పండి: “ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు, ఉదయం.” రెండుసార్లు అడుగుతున్నారేమిటని ఎవరైనా విసుక్కుంటే, “పొరపాటు జరగకూడదని మళ్లీ చదువుతున్నానండీ” అంటే చాలు.

ఇక యంత్రం సంగతి. చాలా హోటళ్లలో ఎక్స్ఛేంజి తనంతట తానే మోగిస్తుంది. ఎవరూ ఎత్తకపోతే కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది, అప్పటికీ ఎత్తకపోతే ఆపరేటర్‌కు సంకేతం ఇస్తుంది. కానీ రిసీవర్ ఎత్తి పెట్టేస్తే చాలు, అతిథి లేచినట్టే దాని లెక్క. మత్తులో చెయ్యి చాచి ఎత్తి, పెట్టి, అటు తిరిగి పడుకున్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. రైలో, విమానమో ఉందని చెప్పిన గదికి యంత్రం మోగించాక ఐదు నిమిషాలకు మనిషే ఫోను చేయాలన్నది నా అభిప్రాయం. ఎక్స్ఛేంజి హోటల్ సాఫ్ట్‌వేర్‌తో కలిసి లేనిచోట ఇంకో ప్రమాదం: అతిథి గది మారితే వేకప్ కాల్ పాత గదిలోనే ఉండిపోతుంది. ఆయన నిద్రపోతూనే ఉంటారు, ఆ గదిలోకి కొత్తగా దిగినవాళ్లు తెల్లవారుజామున ఉలిక్కిపడి లేస్తారు. డ్యూటీ ఎక్కగానే ఎక్స్ఛేంజి గడియారాన్ని మీ మొబైల్‌తో పోల్చి చూడటమూ మరవకండి.

లేపేటప్పుడు మాటలు తక్కువగా, గొంతు నెమ్మదిగా ఉండాలి. “శుభోదయం రావు గారూ, నాలుగు గంటలైంది. మీరు లేపమన్న సమయం.” అంతే. ఆ వేళ అల్పాహారం ఎక్కడో, బయట వాతావరణం ఎలా ఉందో ఎవరికీ అక్కర్లేదు. జవాబు మత్తుగా వస్తే “పది నిమిషాలాగి ఇంకోసారి చేయమంటారా?” అని అడగండి. “ఎందుకు లేపారు!” అని కసురుకుంటే “మీరే చెప్పారు కదా” అని మాత్రం అనకండి. నిజమే అయినా ఆ మాట గొడవకు దారి తీస్తుంది. “క్షమించండి. నాలుగింటికి లేపమని రాసి ఉంది. కాల్ రద్దు చేయమంటారా, కాసేపాగి మళ్లీ చేయమంటారా?” అనండి. ‘రాసి ఉంది’ అన్నప్పుడు తప్పు ఎవరి మీదా పడదు. రద్దు చేయమంటే ఆ మాట, సమయం చార్టులో రాసుకోండి. మొదటి ఫోను ఎత్తకపోతే మూడు నిమిషాలకు రెండోది, అదీ ఎత్తకపోతే బెల్‌బాయ్ వెళ్లి తలుపు తట్టాలి. అప్పటికీ పలుకు లేకపోతే డ్యూటీ మేనేజర్‌కు చెప్పాలి. తలుపు తెరవాలా వద్దా అన్నది ఆయన తేల్చాలి, మీరో బెల్‌బాయో కాదు.

రాత్రివేళ బయటి నుంచి వచ్చే ఫోన్లూ ఇక్కడే చెప్పాలి. “412కు కలపండి” అని ఎవరైనా అడిగితే అతిథి పేరు అడగండి. చెప్పలేకపోతే కలపవద్దు. పేరు మాత్రమే చెప్పి “ఏ గదిలో ఉన్నారు?” అంటే “గది నంబరు చెప్పే వీలు లేదండీ, ఫోను కలపగలను” అనండి. పది దాటాక నేరుగా కలపకుండా ముందు అతిథిని అడగడం మంచిది. ఫోను చేయవద్దని చెప్పి పడుకున్న గదికైతే అదీ వద్దు, సందేశం రాసుకోండి. వాళ్లే అడిగిన వేకప్ కాల్‌కు మాత్రం ఈ నియమం అడ్డు రాదు. కాల్ రాసుకునేటప్పుడే ఆ మాట చెప్పి ఉంచండి.

మళ్లీ 412కు వద్దాం. 5.05కు ఆయనే లేచి ఫోను చేశారు. గొంతు మండిపోతోంది. “మీ వల్ల నా విమానం పోయింది!” ఆ ఆపరేటర్ ఎక్స్ఛేంజి గురించి, తేదీ గురించి వివరించడం మొదలుపెట్టాడు. ఒక నిమిషంన్నర అందులోనే పోయింది. ఆ సమయంలో ఆయనకు కారణం అక్కర్లేదు, కారు కావాలి. అనాల్సింది ఇది: “క్షమించండి సార్, మేము లేపలేదు. తప్పు మాదే. విమానం ఆరున్నరకే కదా? వెబ్ చెక్-ఇన్ అయిందా? కౌంటర్‌లో ఇవ్వాల్సిన లగేజీ ఉందా?”

ఈ ప్రశ్నలకు కారణం ఉంది. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే, అంటే 5.30కే మూసేస్తారు. నగరం నుంచి శంషాబాద్‌కు ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉన్నా ముప్పావుగంట వేసుకోవాలి. లగేజీ ఇవ్వాల్సి ఉంటే విమానం అందదు. చేతి సంచి ఒక్కటే ఉండి, వెబ్ చెక్-ఇన్ అయి ఉంటే గేటు మూసేది దాదాపు 25 నిమిషాల ముందు, అంటే 6.05కు. 5.15కు కారెక్కితే అందడం చాలా కష్టం, అయినా ప్రయత్నించి చూడవచ్చు. అప్పుడు చెప్పండి: “పది నిమిషాల్లో కారు గుమ్మం ముందుంటుంది. బిల్లు సంగతి తర్వాత చూసుకుందాం, మీరు దిగిరండి. విమానం అందుతుందని మాట ఇవ్వలేను, ఆలస్యం మాత్రం చేయం.” ఆ మాట ఇస్తే, అందనప్పుడు ఆయన కోపం రెట్టింపవుతుంది. ఇక్కడే ‘బిల్లు తర్వాత’ అనడానికి మీకు అధికారం ఉందో లేదో మేనేజర్‌తో ముందే తేల్చుకుని ఉండాలి. ఆ నిమిషంలో అడుగుతూ కూర్చుంటే కుదరదు.

లగేజీ ఉందంటే తర్వాతి విమానం కోసం టికెట్ చూడటం, పరిహారం సంగతి డ్యూటీ మేనేజర్ మాట్లాడాలి. “మా మేనేజర్ రెండు నిమిషాల్లో మీకు ఫోను చేస్తారు” అని, ఆ రెండు నిమిషాల్లోనే చేయించండి. ఆయన అరుస్తున్నంతసేపు మధ్యలో మాట కలపకండి, హోల్డ్‌లో పెట్టి పాట వినిపించకండి. “ప్రశాంతంగా ఉండండి సార్” అన్నది ఎన్నడూ ఎవరినీ ప్రశాంతపరచలేదు.

కారు వెళ్లాక రిజిస్టరులో రాయాల్సినవి రాయండి: అతిథి లేపమన్న సమయం, ఆ మాట చెప్పినప్పుడు గడియారంలో ఉన్న సమయం, కంప్యూటర్‌లో వేసిన తేదీ, తీసుకున్న ఆపరేటర్ పేరు. తర్వాత శనివారం నాలుగింటికి వేసి ఉన్న ఆ కాల్‌ను తీసేయండి. లేకపోతే మరునాడు ఆ గదిలో దిగినవాళ్లు మీకు ఫోను చేస్తారు.