ఆటోపే ఉంది, ఖాతాలో డబ్బులున్నాయి, మరి బిల్లు మొత్తం ఎందుకు కట్ కాలేదు?

అందరికీ నమస్కారం. ఈరోజు క్రెడిట్ కార్డు ఆటోపే గురించి ఒక్క విషయం చెప్తాను. ఆటోపే పెట్టుకున్నాం, ఖాతాలో డబ్బులు కూడా ఉన్నాయి, అయినా బిల్లులో కొంచెమే కట్ అయ్యి మిగతాది అలాగే ఉండిపోతుంది. అలా ఉండిపోయిందని మనకి తెలిసేసరికి నెల దాటిపోతుంది, అప్పటికి వడ్డీ పడిపోయి ఉంటుంది.

మా మేనల్లుడికి ఇదే జరిగింది. జూన్ 20న తన క్రెడిట్ కార్డు మీద ఫ్రిజ్ కొన్నాడు, 30 వేలు. జులై 5న పాప స్కూలు ఫీజు కట్టాడు, 10 వేలు. జులై 15న స్టేట్‌మెంట్ వచ్చింది, మొత్తం 40 వేలు, కట్టాల్సిన ఆఖరు తేదీ ఆగస్టు 4. జీతం పడే ఖాతా వేరే బ్యాంకులో ఉంది, అందులో డబ్బులు బాగానే ఉన్నాయి, ఆటోపే ఉందిగా అని వాడు నిశ్చింతగా ఉన్నాడు. ఆగస్టు 4న మీ పేమెంట్ అందింది, ధన్యవాదాలు అని మెసేజ్ వచ్చింది. అందులో అంకె చూడలేదు. ఎవరు చూస్తారండీ, పేమెంట్ అందింది అన్నాక!

ఆగస్టు 15న తర్వాతి స్టేట్‌మెంట్ వచ్చింది. ఆ నెల వాడు కార్డు బయటికి తియ్యనే లేదు, అయినా బిల్లు 40,808. ఫోన్ చేసి, "మామయ్యా, కట్టిన బిల్లే మళ్ళీ పంపించారు" అన్నాడు. "ఆగస్టు 4న నీ ఖాతాలోంచి ఎంత పోయిందో చూడరా" అన్నాను. చూశాడు. 2 వేలు.

అసలు తేడా ఎక్కడుందో తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది ఈ అంకేనండీ, కట్ అయిన అంకె. దాన్ని పాత స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూడాలి, స్టేట్‌మెంట్‌లో టోటల్ అమౌంట్ డ్యూ అని ఒకటి ఉంటుంది, దగ్గర్లోనే మినిమమ్ అమౌంట్ డ్యూ అని ఇంకోటి ఉంటుంది. వాడి స్టేట్‌మెంట్‌లో మినిమమ్ సరిగ్గా 2 వేలు, అంటే 40 వేలలో ఐదు శాతం. కట్ అయింది కూడా సరిగ్గా 2 వేలు. ఇలా రూపాయి తేడా లేకుండా కలిసిందంటే ఖాతాలో డబ్బుల సమస్య కాదు, సర్వర్ సమస్యా కాదు, ఆటోపేలో మినిమమ్ అని పెట్టి ఉంది, అంతే.

వాడు ఒప్పుకోలేదు. "లేదు మామయ్యా, నేను లక్ష రూపాయలకి మ్యాండేట్ ఇచ్చాను, రిజిస్టర్ అయినట్టు మెసేజ్ కూడా ఉంది" అన్నాడు. నిజమే, ఉంది. చాలామంది పొరబడేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చెప్తాను.

ఆటోపేలో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి, జీతం ఖాతా ఉన్న బ్యాంకుకి మనం ఇచ్చే అనుమతి, అదే మ్యాండేట్, ఫలానా కార్డు వాళ్ళు అడిగితే లక్ష దాకా ఇవ్వండి అని. రెండోది కార్డు బ్యాంకు దగ్గర ఉండే సూచన, ప్రతి నెలా ఎంత అడగాలి, మొత్తమా, మినిమమా అని. పిల్లాడి చేతికి ఐదొందల నోటు ఇచ్చి చీటీలో పావుకిలో పంచదార అని రాస్తే పావుకిలోనే తెస్తాడు కదా. ఇదీ అంతే, లక్ష అనేది నోటు, మినిమమ్ అనేది చీటీ. కార్డు బ్యాంకు 2 వేలే అడిగింది, జీతం బ్యాంకు 2 వేలే ఇచ్చింది, ఇద్దరి లెక్కా సరిపోయింది, అందుకే ఫెయిల్ అయిందని ఎవరూ మెసేజ్ పెట్టలేదు. మినిమమ్ కట్టినట్టే కాబట్టి లేటు ఫీజు కూడా పడలేదు. పడి ఉంటే కనీసం అప్పుడైనా చూసుకునేవాడు.

కాబట్టి వెతకాల్సింది జీతం బ్యాంకు యాప్‌లో కాదు, కార్డు బ్యాంకు యాప్‌లో. కార్డు సెట్టింగ్స్‌లో ఆటోపే అని ఉంటుంది, అది తెరిస్తే మినిమమ్, టోటల్ రెండిట్లో దేని మీద టిక్ ఉందో కనిపిస్తుంది. వాడిది మినిమమ్ మీద ఉంది. ఎవరు పెట్టారు అంటే, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి దరఖాస్తు కాపీ తెప్పించుకున్నాడు, షాపింగ్ మాల్‌లో కార్డు తీసుకున్నప్పుడు ఏజెంటు ఫారం నింపాడు, వీడు సంతకం పెట్టాడు, టిక్ అందులోనే ఉంది. నా మటుకు నాకు ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది, అడగకుండా నింపేటప్పుడు టోటల్ అని నింపాలి గానీ మినిమమ్ అని నింపడం ఏంటి?

ఇప్పుడు వడ్డీ సంగతి. మిగిలింది 38 వేలు కదా, దాని మీదే, అదీ ఆగస్టు 4 నుంచే పడుతుంది అనుకుంటాం. కాదు. మొత్తం కట్టకపోతే వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచీ లెక్క వేస్తారు. ఫ్రిజ్‌కి జూన్ 20 నుంచి, ఫీజుకి జులై 5 నుంచి. వాడి కార్డు మీద నెలకి మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. ఆగస్టు 15 దాకా వడ్డీ 2,380, దాని మీద 18 శాతం జీఎస్టీ 428, రెండూ కలిపి 2,808. అంటే 2 వేలు కట్టాక కూడా బాకీ 808 పెరిగింది.

కట్ అయిన అంకె మినిమమ్‌తో కలవకపోతే మాత్రం కథ వేరు. అసలేమీ కట్ కాలేదంటే, ఖాతాలో చాలకపోయి ఉండొచ్చు, లేదా మ్యాండేట్ 25 వేలకే ఇచ్చి బిల్లు 40 వేలు వచ్చి ఉండొచ్చు. పరిమితి దాటితే ఉన్నంతవరకు ఇద్దాం అనుకోరు, మొత్తం వెనక్కి పంపేస్తారు.

మా వాడు ముందు చేసింది, 18వ తేదీన బిల్లు మొత్తం తనే యాప్‌లో కట్టేయడం. ఎందుకంటే రోజుకి 44 రూపాయల దాకా వడ్డీ నడుస్తోంది, కస్టమర్ కేర్‌తో వాదన తేలేదాకా ఆగితే ఆ మీటరు ఆగదు. ఆ తర్వాతే టిక్ టోటల్‌కి మార్చాడు, ఈమెయిల్ రాసి వడ్డీ వెనక్కి ఇమ్మని అడిగాడు. ఫారంలో మినిమమ్ అనే ఉంది కాబట్టి ఇచ్చి తీరాలని గట్టిగా అడగడానికి లేదు, మొదటిసారి కదా అని కొంత తగ్గించారు. అదే మీ ఫారంలో టోటల్ అని ఉండి బ్యాంకు మినిమమ్ అని ఎక్కించుకుంటే అది వాళ్ళ తప్పు, ఫారం కాపీ జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టొచ్చు.

ఇంకో మాట. మొత్తం కట్టేశాక కూడా వాడికి సెప్టెంబరు స్టేట్‌మెంట్‌లో 155 వచ్చింది, ఆగస్టు 15 నుంచి 18 దాకా నడిచిన వడ్డీ, జీఎస్టీతో కలిపి. మళ్ళీ ఏదో పొరపాటు అని కంగారు పడొద్దు, చిల్లరే కదా అని వదలొద్దు, కట్టేయండి. అలాగే టిక్ మార్చిన రోజుకే స్టేట్‌మెంట్ వచ్చేసి ఉంటే ఆ బిల్లుకి పాత సూచనే నడవొచ్చు, కొత్త సూచన ఏ బిల్లు నుంచి మొదలవుతుందో బ్యాంకుని అడిగి, అప్పటిదాకా గడువుకి ముందే మీరే కట్టుకోండి. నమస్కారం.