మూడో అంతస్తు ఫ్లాట్‌లో మట్టి గోడ: 5,000 రూపాయల్లో ఊరి ఇల్లు

ముందు మా సినిమాలోని ఈ షాట్ చూడండి. అవ్వ నులక మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది, వెనక మట్టి గోడ, కింద జాజు పట్టీ, దండెం మీద ఒక గొంగడి, రెండు పాత చీరలు. ఇప్పుడు కెమెరాను కొంచెం కుడివైపు తిప్పుతున్నా. ఫ్రిజ్. ఇంకొంచెం తిప్పితే వాటర్ ప్యూరిఫయర్. ఇది నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న ఒక అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు, తెల్లటి మెరిసే టైల్స్, గోడకు ఒక్క మేకు కొట్టినా అడ్వాన్స్‌లో కోస్తానని ఓనర్ ముందే చెప్పిన ఇల్లు.

అయితే ఊళ్లోకే వెళ్లి తీయొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. మా అవ్వ పాత్ర వేసినావిడకు మోకాళ్ల నొప్పులు, రోజూ రానూపోనూ ప్రయాణం కుదరదు, పైగా మాకు ఒకే గదిలో నాలుగు రోజుల సీన్లు ఉన్నాయి. అందుకని ఇంటినే ఊరు చేశాం. ఇల్లంతా కాదు, ఒక్క మూల. పన్నెండు అడుగుల గోడ ఒకటి, దాన్ని కలిసే ఎనిమిది అడుగుల గోడ ఒకటి, ఆ రెండింటి ముందు కొంచెం నేల. కథలో జరిగేదంతా అక్కడే జరిగేలా డైరెక్టర్‌ను ఒప్పించడం ఈ పనిలో మొదటి మెట్టు. సామాన్ల లిస్టు రాసేది దాని తర్వాతే.

ఒప్పించడం అంటే వాదించడం కాదు. ఫోన్ తీసుకుని, షూటింగ్‌కు వాడే లెన్స్‌కు దగ్గరగా జూమ్ పెట్టి, ప్రతి షాట్‌కు ఒక ఫొటో తీయండి. అవ్వ కూర్చునే చోట ఎవరినైనా కూర్చోబెట్టండి. మాకు అలా పదకొండు ఫొటోలు వచ్చాయి. పదకొండింటిలోనూ గోడ ఏడడుగులు దాటి పైకి ఎక్కడా కనిపించలేదు, ఎందుకంటే మనిషి కూర్చుని ఉంది, కెమెరా కూడా ఆమె ఎత్తులోనే ఉంది. అంటే సీలింగ్ గురించి మనకు టెన్షన్ లేదు. కింద నుంచి పైకి చూసే షాట్ మాత్రం ఈ పద్ధతిలో కుదరదు, అది ఇప్పుడే చెప్పేస్తున్నా.

సరే, గోడ. గోడకు రంగు వేయలేం, టేపుతో పేపర్ అంటిద్దామంటే ఎండాకాలంలో టేపు రాత్రికి ఊడిపోతుంది, ఊడకుండా ఉన్నది తీసేటప్పుడు ఓనర్ రంగు పెచ్చులతో సహా వస్తుంది. నేను వేరే సినిమాకు ఆ తప్పు చేశాను. అందుకే ఈసారి గోడను ముట్టుకోలేదు, గోడ ముందు ఇంకో గోడ నిలబెట్టాం, గుడ్డతో.

ఇరవై అడుగుల వెదురు బొంగులు మూడు కొన్నాం. రెండింటిని సగానికి కోస్తే నాలుగు నిలువు గుంజలు. మూడోదాన్ని పన్నెండు, ఎనిమిది అడుగులుగా కోస్తే రెండు అడ్డ బొంగులు. ఈ ఫ్లాట్ ఎత్తు పదడుగులు, కాబట్టి నిలువు గుంజలను మూడంగుళాలు తగ్గించి, పైన స్పాంజి ముక్క కట్టి, కింద రెండు చెక్క ముక్కలను ఎదురెదురుగా దూర్చి కొట్టాం. నేలకూ సీలింగుకూ మధ్య బిగుసుకుని నిలబడుతుంది, ఒక్క మేకు లేదు. రెండు చివర్ల ఒక్కోటి, మూలలో ఒకటి, పన్నెండడుగుల వైపు మధ్యలో ఒకటి. ఆ మధ్య గుంజ లేకపోతే రంగు పూసిన గుడ్డ బరువుకు అడ్డ బొంగు కిందికి వంగుతుంది.

గుడ్డ అంటే ముతక గాడా గుడ్డ, గజం పన్న ఉండేది, ఇరవై మీటర్లు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. మామూలుగా ఎవరైనా పరదాలాగా పై నుంచి కిందికి ముక్కలు కోసి కుడతారు. అప్పుడు ప్రతి మూడడుగులకు ఒక నిలువు కుట్టు గీత పడి, దూరం నుంచి కూడా పరదాలాగే కనిపిస్తుంది. మేం అడ్డంగా కుట్టించాం, ఇరవై అడుగుల పొడవున్న మూడు పట్టీలు ఒకదాని కింద ఒకటి. మట్టి గోడను ఒక్కసారిగా కట్టరు కదా, ఒక వరస పెట్టి, అది ఆరాక దాని మీద ఇంకో వరస పెడతారు. పాత ఇళ్లలో పూత పోయిన చోట ఆ అడ్డ గీతలు కనిపిస్తాయి. అందుకే మన అడ్డ కుట్టు కూడా వరస గీతలాగే కుదిరింది. పైగా కింది కుట్టు సరిగ్గా జాజు పట్టీ పై అంచు దగ్గరకు వచ్చింది, అక్కడ రంగు మారుతుంది కాబట్టి అది అసలు కనిపించదు.

రంగు డాబా మీద వేశాం. కింద ప్లాస్టిక్ పట్టా తప్పనిసరి, లేకపోతే గుడ్డ డాబాకు అతుక్కుపోతుంది. ముందు గుడ్డను తడిపి, అంచుల మీద ఇటుకలు పెట్టి సాగదీయండి, నూలు గుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడం రంగుకు ముందే అయిపోవాలి. రంగు ఏమిటంటే, తెల్ల ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు, అందులో సుద్ద పొడి, దానికి మన చెలక ఎర్రమట్టిని పలుచటి గుడ్డతో జల్లించి కలిపాం. నల్గొండలో ఎర్రమట్టి కొనాల్సిన అవసరమే లేదు, ఊరి బయటకు పోయి ఒక బకెట్ తెచ్చుకోవడమే. చిక్కటి మజ్జిగలాగా ఉండాలి. అసలు సున్నం వాడొద్దు, గుడ్డ మీద అది నిలవదు, చేతులు పొక్కుతాయి.

మొత్తం పూసే ముందు జానెడు ముక్క మీద పూసి ఆరబెట్టండి. ఆరిన ముక్కను మడవండి. పొడి రాలితే ఫెవికాల్ తక్కువైంది. రాలకపోతే ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి వేసి చూడండి, మెరిస్తే ఫెవికాల్ ఎక్కువైంది. మట్టి గోడ ఎప్పుడూ మెరవదు. తడి మీద రంగు చూసి నిర్ణయానికి రావద్దు, ఆరితే చాలా తేలిపోతుంది. మేం మొదటిసారి తడి మీద బాగుందనుకుని ఆపేశాం, పొద్దున చూస్తే బిస్కెట్ రంగులో ఉంది, రెండో పూత వేయాల్సి వచ్చింది.

ఆరిన గుడ్డను మడత పెట్టకూడదు, బొంగుకు చాపలాగా చుట్టి కిందికి తేవాలి. కట్టేటప్పుడు అడుగున జానెడు గుడ్డ నేల మీద పడేలా వదలండి. దీనికి కారణం ఉంది. ఫ్లాట్‌లో గోడ, నేల కత్తితో కోసినట్టు కలుస్తాయి. ఊరి ఇంట్లో ఆ మూల గుండ్రంగా ఉంటుంది, ఏళ్ల తరబడి అలుకుతూ వచ్చారు కదా. మేం ఆ జానెడు గుడ్డ కింద ఇసుక నింపిన సన్నటి గుడ్డ సంచులు పొడవునా పెట్టాం. అంచు గుండ్రంగా వచ్చింది, గుడ్డ కదలకుండా బరువూ అయింది.

నేలకు గోనె సంచులు విప్పి కుట్టి, కింద పట్టా వేసి, పైన అదే ఎర్రమట్టి మిశ్రమాన్ని ఇంకా గట్టిగా, దోసెల పిండిలాగా కలిపి రెండుసార్లు పామాం. ఒక్కసారి పామితే గోనె అల్లిక కనిపిస్తుంది, ముఖ్యంగా కిటికీ వెలుగు పక్క నుంచి పడ్డప్పుడు. పేడ కలుపుదామని ఒకరు అన్నారు. మూడో అంతస్తులో, మే నెలలో, తలుపులు మూసి! వద్దన్నాను.

ఇప్పుడు పాతదనం. ఇది నాకు ఇష్టమైన పని, చాలామంది పాడు చేసేది కూడా ఇదే. గోడంతా సమానంగా మరకలు కొడతారు. అలా ఏ గోడా పాతబడదు. ఎక్కడ చెయ్యి తగులుతుందో, ఎక్కడ తల ఆనుతుందో అక్కడే మాసిపోతుంది. మంచం మీద కూర్చున్న మనిషి తల ఆనే చోట వేలితో కొంచెం కొబ్బరి నూనె, అది పాకుతుంది కాబట్టి చుక్క చాలు. కందీలు తగిలించిన చోటికి పైన బొగ్గు పొడిని పొడి కుంచెతో కింద ఎక్కువగా, పైకి పోయేకొద్దీ పలుచగా. అసలు మంటతో మసి చేయాలని చూడకండి, ఇది గుడ్డ, అంటుకుంటుంది. మా కందీలులో కూడా బ్యాటరీ బల్బే.

సామాన్ల విషయంలో నేను కొంచెం మొండి. బండి చక్రం, తిరగలి, ఎద్దు మెడ గంటలు అన్నీ గోడకు వేలాడదీస్తే అది ఇల్లు కాదు, హైవే పక్కన విలేజ్ థీమ్ హోటల్. మా కథ 2004లో జరుగుతుంది. కాబట్టి చెక్క బోర్డు మీద నల్ల స్విచ్‌లు ఉండొచ్చు, ప్లాస్టిక్ బిందె ఉండాలి, సంవత్సరం అంకె కనిపించకుండా చిరిగిన దేవుడి క్యాలెండర్ ఉండాలి. నులక మంచం, గొంగడి, చాట, రెండు సర్వలు చండూరు దగ్గర మా అమ్మమ్మ ఊరి నుంచి ఊరికే వచ్చాయి. ఊరికే అంటున్నా గానీ, ఆటో ట్రాలీకి రానూపోనూ 1,100 అయింది, మొత్తం లెక్కలో అదే పెద్ద ఖర్చు. గుడ్డకు 900, రంగు సామానుకు 900, గోనెలు, పట్టాలకు 700, బొంగులకు 600, చిల్లర 500. 4,700.

వెలుగు ఒక్క మాటలో చెప్తా. పైన ట్యూబ్‌లైట్ ఆపేయండి, బాల్కనీ తలుపును దర్వాజ అనుకుని అటు నుంచే వెలుగు రానివ్వండి, కిటికీకి గోనె కట్టి మూరెడు సందు వదలండి. మాకు బాల్కనీ తూర్పు వైపు, పొద్దున ఎనిమిది నుంచి పది దాకా తీశాం.

తీస్తుంటే ఏం జరిగిందంటే, మొదటి రోజు రెండో టేకులో మట్టి గోడ ఊపిరి పీల్చింది. వంటింటి ఫ్యాన్ గాలికి. మానిటర్ చూస్తున్నవాళ్లంతా నవ్వారు, నేను తప్ప. అప్పటి నుంచి టేకు ముందు ఫ్యాన్లు ఆపడం, అవ్వకు విసనకర్ర ఇచ్చి మధ్యలో ఆగడం. ఇంకోటి, ఆవిడ అలవాటుగా వెనక్కి ఆనింది, గుడ్డ లోపలికి పోయింది. వెంటనే ఆమె వీపు వచ్చే చోట గుడ్డ వెనక రెండు గుంజలకు ఒక ప్లైవుడ్ ముక్క కట్టాం. తర్వాత ఆమె నిజంగానే ఆనుకుని లాస్ట్ సీన్ చేసింది.

విప్పడానికి గంట పట్టింది. గోడ మీద గీత కూడా లేదు. టైల్స్ సందుల్లో మాత్రం ఎర్రమట్టి దిగింది, పట్టా రెండు ముక్కలు కలిసే చోట టేపు వేయడం మర్చిపోయాం. మిగిలిన 300 వాటిని బ్రష్‌తో కడిగిన మనిషికి ఇచ్చాం. మీరు ఆ అతుకు దగ్గర టేపు వేయండి.