ట్రమడాల్ మానేస్తే చెమటలు పట్టాయి, అంటే అలవాటు పడిపోయినట్టేనా?

"అన్నా, మా అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యి మూడు వారాలు. ట్రమడాల్ 50 రోజుకి నాలుగు వేసుకునేది. నొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానేసింది, మర్నాటి నుంచి చెమటలు, ముక్కు కారడం, రాత్రంతా నిద్ర లేదు. వ్యసనం అయిపోయిందా?"

లేదు తమ్ముడూ, ఇది వ్యసనం కాదు, ఈ మాట ముందు అమ్మకి చెప్పు, ఎందుకంటే ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా లోపలే బాధపడతారు.

అసలు ఆ మాత్ర ఏం చేస్తుందో చూద్దాం. కోసిన మోకాలి దగ్గర పుట్టిన నొప్పి కబురు నరం వెంట వెన్నుపాము దాకా వస్తుంది, అక్కడ ఒక నరం ఇంకో నరానికి ఒక రసాయనం వదిలి ఆ కబురు అందిస్తుంది. ట్రమడాల్ ఓపియాయిడ్ మందు, అంటే నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మందు, అది ఆ నరాల మీద మందు అతుక్కునే చోట్లకి, అంటే మ్యూ రిసెప్టర్లకి, అతుక్కుంటుంది, దాంతో పంపే నరం రసాయనం తక్కువ వదులుతుంది, అందుకునే నరం కూడా మెత్తబడుతుంది. మెదడులో అయితే నొప్పి తాలూకు ఆ బాధని తగ్గిస్తుంది, అందుకే చాలామంది "నొప్పి తెలుస్తోంది గానీ పెద్దగా పట్టట్లేదు" అంటారు. గాయాన్ని మాత్రం ఇది మాన్పదు, వాపు తగ్గించదు. ఇవే రిసెప్టర్లు పేగుల్లోనూ ఉన్నాయి, మెదడు కింది భాగంలో ఊపిరిని నడిపించే చోటా ఉన్నాయి, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

ఇప్పుడు టాలరెన్స్, అంటే అదే డోసు పోనుపోనూ తక్కువగా పనిచేయడం. మందు రోజూ తగులుతుంటే కణం తన రిసెప్టర్లలో కొన్నిటిని లోపలికి లాగేసుకుంటుంది, మిగిలినవి కూడా ముందంత గట్టిగా స్పందించవు, అందుకే మొదట్లో ఆరు గంటలు పనిచేసిన మాత్ర తర్వాత నాలుగు గంటలకే అయిపోయినట్టు ఉంటుంది. ఇది మందు వేసుకుంటున్నప్పుడే కనబడుతుంది.

డిపెండెన్స్, అంటే ఒళ్ళు ఆ మందు ఉండటానికి సర్దుకుపోవడం, కనబడేది మందు ఆపినప్పుడు. మెదడులో ఒంటిని అప్రమత్తం చేసే నోరడ్రినలిన్ అనే రసాయనాన్ని తయారుచేసే చిన్న చోటు ఒకటుంది, ఓపియాయిడ్ దాన్ని రోజూ అణిచిపెడుతుంటే అది ఎదురు తన్నడానికి బలం పెంచుకుంటుంది. తలుపుకి అటువైపు ఒకరు తోస్తుంటే ఇటువైపు మనం ఇంకా గట్టిగా తోస్తాం కదా, అటువాళ్ళు టక్కున పక్కకి జరిగితే మనం ముందుకి తూలి పడతాం, అమ్మకి జరిగింది అదే. చెమటలు, ఆవలింతలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, గుండె దడ, అన్నీ ఆ తూలడమే. కొన్ని వారాలు రోజూ వాడితే ఎవరికైనా వస్తుంది. వ్యసనం అంటే వేరు, నష్టం కళ్ళ ముందు కనబడుతున్నా ఆపుకోలేక మందు కోసం వెంపర్లాడటం. అమ్మ తనంతట తనే మానేసింది, గమనించావా?

మరి ఏం చెయ్యాలి? ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్ చేసి, మెల్లగా తగ్గించే లెక్క రాయించుకోండి. ఉదాహరణకి నాలుగు నుంచి మూడుకి దిగి కొన్ని రోజులు, తర్వాత రెండు, తర్వాత రాత్రి ఒక్కటి, ఆ తర్వాత ఆపడం, ఇబ్బంది పెడితే ఆ మెట్టు మీదే ఇంకో రెండు రోజులు ఉండటం. పక్కన పారాసిటమాల్ నడుస్తుంది, కాకపోతే కొన్ని ట్రమడాల్ మాత్రల్లో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది, అట్ట వెనకాల చదివి రెండూ కలిపి లెక్కేయండి.

అదే మాత్రకి నొప్పి తగ్గట్లేదంటే టాలరెన్స్ అనుకుని ఇంకోటి వేసెయ్యకండి. మూడో వారంలో నొప్పి తగ్గాలి, పెరుగుతుంటే, జ్వరం వస్తే, కుట్ల దగ్గర ఎర్రబడి కారితే అది ఇన్ఫెక్షన్ కావొచ్చు, పిక్క వాచి నొక్కితే నొప్పెడితే రక్తం గడ్డ కావొచ్చు, అదే రోజు చూపించాలి.

పేగుల సంగతి చెప్తానన్నా కదా. నొప్పికి టాలరెన్స్ వస్తుంది గానీ మలబద్ధకానికి దాదాపు రాదు, అందుకే మాత్ర మొదలైన రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు అడగండి. ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం: నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే ఆల్ప్రజోలామ్ లాంటివి, మద్యం, ఇవి ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరి బాగా మందగిస్తుంది. అమ్మ డిప్రెషన్ మాత్రలు వాడుతున్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా డాక్టర్‌కి చెప్పాలి, ట్రమడాల్‌తో అది ప్రమాదం. భుజం గట్టిగా కుదిపినా లేవకుండా, గురగురమంటూ, ఊపిరి ఆగి ఆగి తీస్తుంటే, పెదాలు నీలంగా మారితే ఉదయం దాకా ఆగొద్దు, అంబులెన్స్ పిలవండి, ఆ ఊపిరిని తిరిగి తెప్పించే నాలోక్సోన్ అనే మందు ఉంది.

ఇంకొక్కటి. పూర్తిగా మానేసి కొన్నాళ్ళయ్యాక ఒంట్లో ఆ టాలరెన్స్ పోతుంది, అప్పుడు ఎప్పుడో మళ్ళీ నొప్పి వచ్చిందని డబ్బాలో మిగిలిన మాత్రలు పాత లెక్కలోనే వేసుకుంటే, అప్పుడు తట్టుకున్న డోసే ఇప్పుడు ఊపిరి మీదకి రావొచ్చు. అందుకని చివరి మెట్టు దిగిన రోజునే మిగిలినవి లెక్కపెట్టి, పారేసే పద్ధతి మందుల షాపులో అడిగి వదిలించుకో తమ్ముడూ.