ఆ చేయి కాదమ్మా

శ్రోతలకు నమస్కారం. శ్రీకాకుళంలో నర్సింగ్ చదువు ముగించుకుని వెళ్తున్న మా తరగతి తరఫున నాలుగు మాటలు చెప్పమని నన్ను పంపారు. అధ్యాపకులందరి పేర్లూ చదివి దండం పెట్టడం వీడ్కోలు సభలోనే అయిపోయింది. ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెబుతాను.

ఆయనది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. మూత్రపిండాలు దెబ్బతిని, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వస్తారు. వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. ఆ ప్రాంతంలో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకు వస్తోందో కచ్చితంగా ఇంకా తేలలేదు. ఆ వార్డులో నా మొదటి రోజున, బీపీ చూద్దామని ఆయన ఎడమ చేతికి పట్టీ చుట్టబోయాను. చటుక్కున చేయి లాక్కుని, "ఆ చేయి కాదమ్మా" అన్నారు.

ఆ చేతిలో ధమనినీ సిరనూ ఆపరేషన్ చేసి కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటాం. ధమనిలోని రక్తం వేగానికి సిర లావెక్కి, డయాలసిస్ సూదులు గుచ్చడానికి అనువవుతుంది. అక్కడ పట్టీ బిగిస్తే రక్తం గడ్డకట్టి ఆ దారి మూసుకుపోవచ్చు. ఇదంతా పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను, కానీ చేతులకు గుర్తులేదు. మా మేడమ్ కోప్పడలేదు. పెద్దాయనను అడిగి, నా వేళ్లను ఆ ఉబ్బిన నరం మీద ఆనించారు. లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నని అదురు. "ఇది ఆగిందంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి. తెల్లారనిద్దాం అనుకోకూడదు" అన్నారు.

ఇంకోసారి ఆయన ఏదో పెళ్లికి వెళ్లొచ్చి, మామూలుకన్నా నాలుగు కిలోలు ఎక్కువ తూగారు. అదంతా ఒంట్లో చేరిన నీరే. మూడో గంటలో రెండుసార్లు ఆవలించారు. నిద్ర వస్తోంది కాబోలు అనుకున్నాను. మేడమ్ మాత్రం అవతలి మంచం దగ్గర నుంచి పరుగున వచ్చారు. నీరు ఎక్కువగా లాగుతుంటే బీపీ పడిపోతుంది, ఒక్కోసారి దానికి మొదటి గుర్తు ఆవలింతే. నీరు తీయడం ఆపి, తల కిందికి దించి, కాళ్లు ఎత్తి పెట్టి, కొంచెం సెలైన్ ఎక్కించారు. పది నిమిషాలకు ఆయన కళ్లు తెరిచి, "పెళ్లి భోజనం బాగుందమ్మా" అన్నారు!

ఇక ఆయన భార్య. మేము పిన్నీ అని పిలిచేవాళ్లం. రోజుకు తాగాల్సిన నీళ్లన్నీ పొద్దున్నే ఒక సీసాలో పోసి పెడతారు. ఆయన టీ తాగితే అంత నీటిని సీసాలోంచి ఒంపేస్తారు. అలాంటి లెక్క మా రికార్డు పుస్తకాల్లో కూడా ఉండదు.

వార్డులో మా ఆఖరి రోజున పిన్ని తమ తోటలోని కొబ్బరి బొండాలు తెచ్చారు. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేయనివారికి అది గుండె లయను తప్పించగలదు. చుట్టూ కొబ్బరి చెట్లున్నా ఆయన గుక్కెడైనా ముట్టరు. ఆయన ఎదుట తాగడానికి మాకు మొహమాటం వేసింది. తాగమని ఆయనే పట్టుబట్టారు. నేను ఒక గుక్క తాగేదాకా చూసి, "తియ్యగా ఉందా?" అని అడిగారు.