మూలమలుపులో దొరికే స్పీడు: కార్ట్ గేముల్లో డ్రిఫ్ట్, బూస్ట్ లెక్క

(హన్మకొండలో గేమ్ డిజైన్ నేర్చుకునే విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిజం రోడ్డు మీద మలుపు అంటే స్పీడు తగ్గించుడే. కాజీపేట దిక్కు పోయే ఏ డ్రైవరైనా ఇదే చెప్తడు. కార్ట్ గేముల్లో మాత్రం ఉల్టా. మలుపులోకి పోయినప్పటికంటే బయటికొచ్చేటప్పుడు బండి జోరుగా ఉంటది. ఆ జోరు మలుపులోనే దొరకాలె, సీదా రోడ్డు మీద దొరకొద్దు. దీన్ని గేము ఎట్ల సాధిస్తదో ఇయ్యాల చూద్దాం.

ముందు డ్రిఫ్ట్, అంటే మలుపులో బండి పక్కకు జారుడు, ఎట్ల మొదలైతదో చెప్త. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో భుజం బటన్ నొక్కితే బండి చిన్నగ ఎగురుతది. బటన్ వదలకుండా, కింద పడేలోపు స్టిక్కును ఒక పక్కకు తిప్పాలె. ఏ పక్కకు తిప్పితే ఆ పక్కకు డ్రిఫ్ట్ తాళం పడ్తది. స్టిక్కు తిప్పకపోతే ఉత్త ఎగురుడే, డ్రిఫ్ట్ ఉండదు. స్పీడు చాలకపోయినా అంతే.

తాళం పడ్డంక స్టిక్కు పని మారిపోతది. ఎడమకు డ్రిఫ్ట్ అవుతుంటే స్టిక్కును కుడికి పూర్తిగా తిప్పినా బండి కుడికి పోదు, ఎడమకే కొంచెం వెడల్పుగా తిరుగుతది. లోపలికి పట్టుకుంటే వంపు బిగుస్తది, బూస్ట్ చార్జి తొందరగా నిండుతది. బయటికి పట్టుకుంటే వంపు వెడల్పైతది, చార్జి నెమ్మదిస్తది. చక్రాల కింద నిప్పురవ్వలు ముందు నీలం, తర్వాత నారింజ, ఆఖరికి ఊదా. బటన్ వదలంగనే ఆ రంగుకు తగ్గ బూస్ట్ వస్తది. ఊదా మెట్టు 2017లో వచ్చిన ఈ డీలక్స్‌తోనే చేరింది. బండిని రోడ్డు దాటకుండా ఆపే స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉంటే ఆ ఊదా రాదు. పిల్లలు ‘మాకెందుకు వస్తలేదు’ అనేది చాలాసార్లు ఇందుకే.

ఇప్పుడు ఒక యూ-టర్న్ తీసుకుందాం. ఇవి ఏ గేము అంకెలూ కావు, లెక్క సులువుగా ఉండాలని పెట్టుకున్నవి. స్టిక్కు లోపలికి ఉంటే సెకనుకు 1 పాయింటు, బయటికి ఉంటే అర పాయింటు. 1కి నీలం, 2కి నారింజ.

మొదటి ఆటగాడు మలుపులోకి వచ్చినంక డ్రిఫ్ట్ పట్టిండు. ఒక సెకను గట్టిగా లోపలికి తిప్పిండు, బండి లోపలి గడ్డి దిక్కు పోతున్నది. తప్పించుకోనికి ఇంకో సెకను బయటికి పట్టాల్సి వచ్చింది. 1 ప్లస్ 0.5, మొత్తం 1.5. చేతికొచ్చింది నీలమే.

రెండో ఆటగాడు బయటి అంచున ఉండి, మలుపుకు అర సెకను ముందే డ్రిఫ్ట్ మొదలుపెట్టిండు. ఆ అర సెకను స్టిక్కు బయటికి, 0.25. తర్వాత 1.75 సెకన్లు లోపలికి. సరిగ్గా 2, నారింజ.

నీలం బూస్ట్ 0.6 సెకన్లు, నారింజ బూస్ట్ 1.2 సెకన్లు ఉంటదని, రెండిట్లోనూ స్పీడు 25 శాతం ఎక్కువ అనుకోండి. మొదటాయనకు 0.15 సెకన్ల లాభం, రెండో ఆయనకు 0.3. కానీ వెడల్పు దారి వల్ల రెండో ఆయనకు 0.1 సెకను పోయింది. మిగిలిన తేడా 0.05 సెకన్లే! అంటే నారింజ కోసం ఎంత దూరమైనా తిరగొచ్చు అనుకునుడు తప్పు. యూ-టర్న్ అయిపోంగనే ఇంకో వైపు మలుపు ఉంటే నీలంతోనే వదిలేసి, మళ్లీ ఎగిరి, రెండో పక్కకు తాళం వెయ్యాలె. బండి ముక్కు గోడ దిక్కు ఉన్నప్పుడు వదిలితే బూస్టే గోడకు కొడ్తది.

ఇగ డిజైన్ సంగతి. మారియో కార్ట్ 64లో, ఆ తర్వాత 2005 నాటి మారియో కార్ట్ డీఎస్‌లో చార్జి కాలంతో నిండకపోయేది. డ్రిఫ్ట్‌లో స్టిక్కును అటూ ఇటూ ఊపితే నిండేది. చేతులు జోరుగా ఆడేవాళ్లు సీదా రోడ్డు మీదనే పాములెక్క మెలికలు తిరుగుతూ బూస్ట్ మీద బూస్ట్ కొట్టిన్రు. దాన్నే స్నేకింగ్ అంటరు. మలుపు లేకున్నా బహుమతి వచ్చేసరికి, ఊపనోళ్లు వెనుకబడ్డరు.

2008 నాటి మారియో కార్ట్ వీ ఊపుడు తీసేసి, చార్జిని డ్రిఫ్ట్‌లో గడిపిన కాలానికి కట్టింది. ఇక్కడే తాళం విలువ తెలుస్తది. దిశ తాళం పడ్డంక అంతసేపు డ్రిఫ్ట్‌లో ఉంటే బండి వంగుతనే ఉంటది. సీదా రోడ్డు మీద అంత వంపుకు జాగా చాలదు, చార్జి నిండేలోపే అంచు వస్తది. మలుపులో మాత్రం ఆ వంపు ఎట్లాగూ కావాలె. తాళం, కాలం రెండూ కలిస్తేనే బహుమతి మలుపుకు పోతది, ఒక్కటి సరిపోదు.

ల్యాబులో దీన్ని పరీక్షించనికి సూపర్‌టక్స్‌కార్ట్ మంచిది. ఉచితం, సోర్స్ కోడ్ కూడా తెరిచే ఉంటది. అందులో `kart_characteristics.xml` ఫైలు తెరిచి `skid` కింద ఈ మూడు చూడండి: `time-till-bonus` బోనస్ దొరకనికి డ్రిఫ్ట్‌లో ఎంతసేపు ఉండాలో చెప్తది, `bonus-speed` ఎంత స్పీడు కలుస్తదో, `bonus-time` అది ఎంతసేపు ఉంటదో. ఫైలు కాపీ పక్కన పెట్టుకొని, మొదటి దాన్ని సగానికి తగ్గించండి. తర్వాత ట్రాక్‌లో అన్నిటికంటే పొడుగైన సీదా రోడ్డు మీద, ఒకసారి నేరుగా, ఒకసారి మెలికలు తిరుగుతూ నడిపి టైము చూడండి. మెలికల టైము తక్కువ వస్తే మీ అంకె మరీ తగ్గినట్టు. అప్పుడు ముందు `time-till-bonus` పెంచి చూడండి, `bonus-speed` జోలికి పోకండి. స్పీడు తగ్గిస్తే మలుపులో కష్టపడ్డోడి బహుమతి కూడా పోతది.