ఏడుపు ఆగిన క్షణంలో ఏం జరిగింది?

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ పిల్లల మొండితనం గురించి మాట్లాడుకుందాం.

రాత్రి ఎనిమిదిన్నర అయింది. ఆరేళ్ల బాబు ఫోన్ చూస్తున్నాడు. "ఫోన్ ఇస్తావా నాన్నా, అన్నం తిందువుగాని" అంది అమ్మ. వాడు తలెత్తలేదు. ఆమె రెండుసార్లు చెప్పి, మూడోసారి అరిచి, లాక్కోబోయింది. వాడు నేల మీద పడి గుక్కపెట్టి ఏడుస్తూ కాళ్లతో తన్నాడు. పక్క వాటా వాళ్లు వింటారేమోనని ఆమెకు టెన్షన్. "పసివాడమ్మా, ఇంకో ఐదు నిమిషాలు ఇస్తే ఏం పోయింది" అంది నానమ్మ. అమ్మ ఇచ్చేసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఈ ఇల్లు నేను ఊహించి చెబుతున్నదే. కానీ ఇలాంటి ఇళ్లు మీకూ తెలుసు.

ఏడుపు ఆగిన ఆ క్షణంలో ఇద్దరు పాఠం నేర్చుకున్నారు. గట్టిగా ఏడిస్తే ఫోన్ వస్తుందని బాబుకు తెలిసింది. ఇచ్చేస్తే గోల ఆగుతుందని అమ్మకు తెలిసింది. అమెరికాలోని ఒరెగాన్‌లో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఇళ్లకు వెళ్లి, ఎవరు ఏమన్నారో, దానికి ఎవరు ఏం చేశారో వరసగా రాసుకున్నారు. మొండి పిల్లలున్న ఇళ్లలో కనిపించింది ఇదే: ఒకరినొకరు లొంగదీసుకునే ఆట.

మరి దెబ్బ కొడితే? మర్నాడు నాన్న ఒక్కటి వేశాడు, ఏడుపు ఆగింది. అంటే దెబ్బ పనిచేసిందని ఇప్పుడు నాన్న నేర్చుకున్నాడు! తర్వాతిసారి ఇంకాస్త గట్టిగా వేస్తాడు. బాబు లెక్క మాత్రం వేరు. కొన్నిసార్లు దెబ్బ పడుతుంది, చాలాసార్లు ఫోన్ వస్తుంది. ఎప్పుడు తగులుతుందో తెలియని లాటరీని మనుషులు అంత తేలిగ్గా వదలరు. పైగా కోపం వస్తే చెయ్యెత్తవచ్చని కూడా వాడు చూశాడు.

అందుకే పిల్లల మొండితనం తగ్గించడానికి మానసిక నిపుణులు శిక్షణ ముఖ్యంగా తల్లిదండ్రులకే ఇస్తారు. వారానికోసారి పిలిచి, మాట చెప్పే తీరును నటించి చూపిస్తారు, వాళ్లతోనూ చేయిస్తారు. మొదట చేయించేది ఒక నోట్‌బుక్ పని: గొడవకు ముందు ఏమైంది, వాడేం చేశాడు, వెంటనే మనమేం చేశాం. తర్వాత మెచ్చుకోవడం. "గుడ్ బాయ్" అంటే వాడికేం అర్థమవుతుంది? "పిలవగానే వచ్చి కూర్చున్నావే!" అనాలి, అదీ వెంటనే.

ఇక ఫోన్ సంగతి. ఐదు నిమిషాల ముందే చెప్పాలి. టైమయ్యాక వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరికి వెళ్లి, "ఫోన్ బల్ల మీద పెట్టు" అనాలి. "ఇస్తావా?" అని అడిగితే "ఇవ్వను" అనే హక్కు వాడికి మనమే ఇచ్చినట్టు. మనసులో ఐదు లెక్కపెట్టాలి. పెడితే వెంటనే మెచ్చుకోవాలి. పెట్టకపోతే ఒక్క హెచ్చరిక: "పెట్టకపోతే రేపు ఫోన్ ఉండదు." అప్పటికీ పెట్టకపోతే, ఇక ఉపన్యాసాలు లేకుండా తీసేసుకోవాలి. రేపు నిజంగా ఉండకూడదు.

రేపు ఒక్కరోజే. "నెలంతా బంద్" అంటే మూడో రోజుకే మనం మెత్తబడతాం, మన మాటకు విలువ పోతుంది. శిక్ష చిన్నదైనా ఫరవాలేదు, తప్పకుండా జరగాలి. మళ్లీ చెబుతున్నాను, చిన్నదైనా ఫరవాలేదు, తప్పకుండా జరగాలి.

అయితే మొదటి రోజుల్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఇదివరకు పనిచేసింది ఇప్పుడు పనిచేయకపోతే వాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు మరి. చాలా ఇళ్లలో "ఇది మా వాడికి పనికిరాదు" అని వదిలేసేది ఇక్కడే. నాలుగో రోజు లొంగిపోతే, నాలుగు రోజుల పాటు గట్టిగా ఏడవాలని నేర్పినట్టే. కాబట్టి నానమ్మకు ముందే చెప్పుకోవాలి: "అత్తయ్యా, వాడు ఏడ్చినా ఫోన్ ఇవ్వొద్దు. బల్ల మీద పెట్టిన రోజు మాత్రం మీరే ముందు మెచ్చుకోండి." నానమ్మను తప్పుపట్టడం నాకిష్టం లేదు. వాడికి ఆవిడ మెప్పు మనందరి మెప్పు కన్నా ఎక్కువ.

ఏడుపును పట్టించుకోకుండా ఉండవచ్చు గానీ, కొట్టడాన్నీ కొరకడాన్నీ వెంటనే ఆపాలి. మొండితనం ఆరు నెలలకు మించి సాగుతున్నా, బళ్లో కూడా గొడవలవుతున్నా డాక్టరుకు చూపించండి. వినికిడి లోపం, నిద్రలేమి, చదవడంలో ఇబ్బంది, ఏకాగ్రత సమస్య కూడా పెంకితనంలాగే కనిపిస్తాయి. జంతువులను హింసిస్తున్నా, నిప్పు పెడుతున్నా ఆరు నెలలు ఆగవద్దు. అమ్మే దిగులుతో కుంగిపోయి ఉంటే ముందు ఆమెకు చికిత్స కావాలి, లేకపోతే ఇవేవీ నడవవు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఆయన అడిగే మొదటి ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.